కాలికి తగిలితే ఔటేనా? ఎల్బీడబ్ల్యూ వెనుక ఉన్న లెక్క

2024 ఫిబ్రవరి 5, విశాఖపట్నం. భారత్, ఇంగ్లండ్ రెండో టెస్టు నాలుగో రోజు. 399 పరుగుల లక్ష్యం ముందు ఓపెనర్ జాక్ క్రాలీ 73 పరుగులతో నిలదొక్కుకుని ఉన్నాడు. కుల్‌దీప్ యాదవ్ వేసిన బంతి నేలను తాకి లోపలికి తిరిగి అతని ప్యాడ్‌కు తగిలింది. భారత ఆటగాళ్లు గట్టిగా అప్పీలు చేశారు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. చూసేవాళ్లలో చాలామందికి కూడా బంతి లెగ్ స్టంప్‌ను దాటి పోయేలాగే కనిపించింది. రోహిత్ శర్మ రివ్యూ కోరాడు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మూడు గడులూ ఎర్రగా వెలిగాయి. క్రాలీ ఔట్. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 106 పరుగుల తేడాతో ఓడింది. ఈ ఒక్క సందర్భంలో సాంకేతికతే తప్పు చెప్పిందని మ్యాచ్ ముగిశాక ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ అన్నాడు.

రాజ్‌కోట్‌లో జరిగిన తర్వాతి టెస్టులో అదే క్రాలీ మళ్లీ ఎల్బీగా ఔటయ్యాడు, ఈసారి బుమ్రా బౌలింగ్‌లో. అంపైర్ ఔటిచ్చాడు, క్రాలీ రివ్యూ అడిగాడు. తెర మీది బొమ్మలో బంతి వికెట్లను తాకకుండా పోతున్నట్టు కనిపించింది. అయినా పక్కన ‘అంపైర్స్ కాల్’ అని పడింది, ఔట్ నిర్ణయం నిలబడింది. ఒక మ్యాచ్‌లో అంపైర్ మాట చెల్లలేదు, మరో మ్యాచ్‌లో అంపైర్ మాటే చెల్లింది. రెండుసార్లూ పెవిలియన్‌కు వెళ్లింది క్రాలీయే. ఈ ఔట్ చుట్టూ ఇంత గందరగోళం ఎందుకో అర్థం కావాలంటే కాస్త మొదటి నుంచి రావాలి.

జరగని దాని మీద తీర్పు

ఎల్బీడబ్ల్యూ అంటే ‘లెగ్ బిఫోర్ వికెట్’. వికెట్లకు తగలాల్సిన బంతికి బ్యాటర్ తన కాలు అడ్డం పెట్టాడని అర్థం. తెలుగు వ్యాఖ్యాతలు ‘వికెట్ల ముందు దొరికిపోయాడు’ అంటారే, అది నిజానికి చాలా కచ్చితమైన మాట. వెనుక వికెట్లు, ముందు మనిషి, మధ్యలో చేరిన బంతి.

పేరులో కాలు ఉన్నా నియమం కాలితో ఆగదు. బ్యాటు, దాన్ని పట్టుకున్న చేతి గ్లవ్ తప్ప ఒంట్లో ఏ భాగం అడ్డుపడినా లెక్కలోకి వస్తుంది. 1999 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో మెక్‌గ్రాత్ వేసిన షార్ట్ బంతి పైకి లేస్తుందనుకుని సచిన్ టెండూల్కర్ వంగి కూర్చున్నంత పని చేశాడు. బంతి లేవలేదు. వచ్చి అతని భుజానికి తగిలింది. అంపైర్ డారిల్ హార్పర్ వేలెత్తాడు. ఒక్క పరుగూ చేయకుండా సచిన్ వెళ్లిపోయాడు. ఆ నిర్ణయం మీద పాతికేళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. కానీ భుజానికి తగిలింది కాబట్టి ఎల్బీ ఎలా అవుతుందన్న వాదన మాత్రం చెల్లదు. బంతి స్టంప్‌ల ఎత్తు లోపలే ఉండి వికెట్లకు తగిలేదా లేదా అన్నదే అక్కడి అసలు ప్రశ్న.

మిగతా ఔట్లకూ దీనికీ ఉన్న తేడా ఇదే. బౌల్డ్ అయితే బెయిల్స్ ఎగిరిపడతాయి. క్యాచ్ అయితే బంతి ఫీల్డరు చేతిలో ఉంటుంది. రనౌట్‌లో బ్యాటు గీత దాటిందో లేదో కనిపిస్తుంది. ఎల్బీలో మాత్రం బంతి వికెట్లను తాకలేదు, తాకే అవకాశమూ ఇక లేదు. కాలు అడ్డు లేకపోతే ఏమై ఉండేదో ఊహించి తీర్పు చెప్పాలి. మా చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో ఎల్బీ ఉండేది కాదు. అంపైరుగా నిలబడేది బ్యాటింగ్ జట్టు కుర్రాడే. ఊహించి తీర్పు చెప్పమంటే ఏమని చెబుతాడో అందరికీ తెలుసు కాబట్టి, పేచీ ఎందుకని ముందే తీసేసేవాళ్లం.

అంపైర్ మనసులో నడిచే వరుస

బౌలర్ వెనుక నిలబడ్డ అంపైరుకు ఆలోచించడానికి దొరికేది కొన్ని క్షణాలు. ఆ క్షణాల్లో అతను కొన్ని ప్రశ్నలను వరుసగా వేసుకుంటాడు. వాటిలో ఏ ఒక్కదానికి బ్యాటరుకు అనుకూలంగా జవాబు వచ్చినా అక్కడితో ఆగిపోవచ్చు.

మొదట, అది సరైన బంతేనా? నోబాల్‌కు ఎల్బీ లేదు. తర్వాత, ముందు బ్యాటుకు తగిలిందా? బ్యాటు అంచును గీసుకుని ప్యాడ్‌కు తగిలితే ఔట్ కాదు. బ్యాటుకూ ప్యాడ్‌కూ ఒకేసారి తగిలినా ముందు బ్యాటుకే తగిలినట్టు లెక్క. ఆ తర్వాత మూడు ముఖ్యమైన ప్రశ్నలు వస్తాయి. బంతి ఎక్కడ నేలను తాకింది? ఎక్కడ ఒంటికి తగిలింది? అడ్డు లేకపోతే వికెట్లకు తగిలేదా? టీవీలో వెలిగే మూడు గడులు ఈ మూడింటికే: పిచ్చింగ్, ఇంపాక్ట్, వికెట్స్. ఎవరూ అప్పీలు చేయకపోతే మాత్రం ఈ ప్రశ్నలన్నీ వృథా. అడగనిదే అంపైర్ ఎవరినీ ఔటివ్వడు.

వీటిని అర్థం చేసుకోవడానికి ఒక బొమ్మ ఊహించుకుంటే చాలు. ఈ చివర మూడు స్టంప్‌ల బయటి అంచుల నుంచి ఆ చివర మూడు స్టంప్‌ల బయటి అంచుల వరకు రెండు దారాలు కట్టామనుకోండి. పిచ్ మీద ఒక సన్నని బాట ఏర్పడుతుంది. దాని వెడల్పు దాదాపు 23 సెంటీమీటర్లు, అంటే పాఠశాల పిల్లల స్కేలు కన్నా తక్కువ. ‘లైన్‌లో ఉంది’ అని వ్యాఖ్యాత అన్నప్పుడల్లా బంతి ఈ బాటలో ఉందని అర్థం. బ్యాటు పట్టి నిలబడ్డ మనిషి ఛాతీ ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపు ఆఫ్ సైడ్, వీపు వైపు లెగ్ సైడ్. ఎడమచేతి వాటం బ్యాటర్ వస్తే ఇవి తారుమారు అవుతాయి. మరి స్విచ్ హిట్ కోసం బ్యాటర్ ఉన్నట్టుండి తిరిగిపోతే? బౌలర్ పరుగు మొదలుపెట్టేసరికి బ్యాటర్ ఎలా నిలబడి ఉన్నాడో దాన్నే నియమం పట్టించుకుంటుంది. మధ్యలో తిరిగినంత మాత్రాన అతని లెగ్ సైడ్ మారదు.

లెగ్ స్టంప్ బయట పడితే కథ ముగిసినట్టే

మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు ఏ తిరకాసూ లేనిది. బంతి లెగ్ స్టంప్ బయట నేలను తాకితే ఎల్బీ లేదు. అది తర్వాత ఎంత తిరిగినా, మధ్య స్టంప్‌ను పడగొట్టేలా ఉన్నా, బ్యాటర్ కావాలనే కాలు అడ్డం పెట్టినా లేదు.

ఇది బౌలర్లకు అన్యాయమని చాలామంది అంటారు, ముఖ్యంగా లెగ్ స్పిన్నర్ల అభిమానులు. లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద పడి గిర్రున తిరిగే బంతి వేయడం ఎంత కష్టమో వారికి తెలుసు. కానీ ఆ మినహాయింపుకు ఒక కారణం ఉంది. వీపు వెనుక నుంచి వచ్చే బంతిని బ్యాటర్ సరిగా చూడలేడు, ఆ వైపు స్వేచ్ఛగా ఆడనూ లేడు. అక్కడ పడ్డ బంతికీ ఎల్బీ ఉంటే బౌలర్లందరూ అక్కడే వేస్తారు, ఆట చచ్చిపోతుంది.

ఇప్పుడున్న నియమంతోనే అలాంటి రోజు ఒకటి వచ్చింది. 2001 డిసెంబరులో బెంగళూరు టెస్టులో ఇంగ్లండ్ ఎడమచేతి స్పిన్నర్ ఆష్లీ జైల్స్ సచిన్‌కు పనిగట్టుకుని లెగ్ స్టంప్ బయట వేస్తూ పోయాడు. ఎల్బీ భయం లేదు కాబట్టి సచిన్ చాలా బంతులను హాయిగా ప్యాడ్‌తో నెట్టేశాడు. పరుగులు రాలేదు, వికెట్ పడలేదు. చివరికి విసుగెత్తి ముందుకొచ్చి 90 పరుగుల వద్ద స్టంపౌట్ అయ్యాడు. టెస్టుల్లో అతను స్టంపౌట్ కావడం అదే మొదటిసారి. అంత విసుగు తెప్పించిన ఆ బంతులకు ఎల్బీ కూడా జత చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఒకే బంతి, మూడు ఫలితాలు

ఆఫ్ స్టంప్ వైపు సంగతి వేరు. బంతి ఆఫ్ స్టంప్ బయట పడినా ఎల్బీ ఇవ్వొచ్చు. కానీ అది ఒంటికి తగిలిన చోటు మాత్రం బాట లోపల ఉండాలి. చాలామందికి తిరకాసు మొదలయ్యేది ఇక్కడే. కాబట్టి ఒక బంతిని తీసుకుని లెక్క వేద్దాం.

కుడిచేతి వాటం బ్యాటర్. బంతి స్టంప్‌లకు 4 మీటర్ల ముందు, ఆఫ్ స్టంప్ బయటి అంచుకు 20 సెంటీమీటర్ల అవతల నేలను తాకింది. అక్కడి నుంచి లోపలికి తిరిగి, ప్రతి మీటరుకు 10 సెంటీమీటర్ల చొప్పున వికెట్ల వైపు జరుగుతోంది. ఎత్తు సమస్య కాదనుకుందాం. అడ్డు లేకపోతే 4 మీటర్లలో 40 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే ఆఫ్ స్టంప్ అంచుకు 20 సెంటీమీటర్లు లోపలికి, సరిగ్గా లెగ్ స్టంప్ దగ్గరకు చేరుతుంది. వికెట్లకు తగలడం ఖాయం.

మొదటి బ్యాటర్ కాలును కొంచెమే ముందుకు వేసి ఆడాడు. స్టంప్‌లకు ఒకటిన్నర మీటరు ముందు బంతి అతని ప్యాడ్‌కు తగిలింది. అప్పటికి బంతి రెండున్నర మీటర్లు వచ్చి 25 సెంటీమీటర్లు జరిగింది, అంటే ఆఫ్ స్టంప్ అంచుకు 5 సెంటీమీటర్లు లోపలే ఉంది. ఇంపాక్ట్ లైన్‌లో ఉంది, వికెట్లకు తగులుతోంది. ఔట్.

రెండో బ్యాటర్ అదే బంతికి కాలు బాగా ముందుకు చాచి, బ్యాటు ఊపి, అందుకోలేకపోయాడు. బంతి స్టంప్‌లకు రెండున్నర మీటర్ల ముందు ప్యాడ్‌కు తగిలింది. అక్కడికి వచ్చేసరికి అది ఒకటిన్నర మీటరే ప్రయాణించింది, 15 సెంటీమీటర్లే జరిగింది. ఇంకా ఆఫ్ స్టంప్‌కు 5 సెంటీమీటర్లు బయటే ఉంది. వికెట్లకు తప్పకుండా తగిలేదే, అయినా నాటౌట్. ‘ఇంపాక్ట్ బయట’ అని వ్యాఖ్యాత చెప్పేది దీన్నే. స్పిన్‌కు కాలు ముందుకు చాచి ఆడమని కోచ్‌లు మొత్తుకునేది ఊరికే కాదు.

మూడో బ్యాటర్ కూడా అక్కడే, అంతే ముందుకు కాలు పెట్టాడు. కానీ బ్యాటు వెనుకే ఉంచి, ప్యాడ్‌తో మాత్రమే అడ్డుకున్నాడు. బంతి తగిలిన చోటు అంగుళం కూడా మారలేదు. అయినా ఇతను ఔట్. ఎందుకంటే అతను షాట్ ఆడే ప్రయత్నమే చేయలేదు.

షాట్ ఆడావా, ఆడినట్టు నటించావా?

ఈ మూడో బ్యాటర్ సంగతి వెనుక దాదాపు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. 1774 నాటి నియమావళిలో ఎల్బీ తొలిసారి కనిపించినప్పుడు, బ్యాటర్ ‘ఉద్దేశపూర్వకంగా’ కాలు అడ్డం పెట్టాడా అన్నది ప్రశ్న. ఉద్దేశాన్ని కొలిచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు కాబట్టి అది తర్వాత పోయింది. చాలాకాలం పాటు బంతి పిచ్ అయిన చోటు కూడా బాటలోనే ఉండాలనేవారు. దాంతో బ్యాటర్లకు ఆఫ్ స్టంప్ బయట పడిన ప్రతి బంతికీ ప్యాడ్ పెట్టేసే వెసులుబాటు దొరికింది. 1935లో ప్రయోగాత్మకంగా, 1937లో నియమంగా ఆఫ్ స్టంప్ బయట పడిన బంతికీ ఎల్బీ వచ్చింది. కానీ ఇంపాక్ట్ లైన్‌లోనే ఉండాలన్న షరతు మిగిలింది. ఆ షరతులోని సందు ఎంత పెద్దదో 1957లో ఎడ్జ్‌బాస్టన్‌లో తేలింది.

వెస్టిండీస్ స్పిన్నర్ సన్నీ రామాధీన్ తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకే 7 వికెట్లు తీశాడు. అతని బంతి ఎటు తిరుగుతుందో చేయి చూసి ఎవరికీ తెలిసేది కాదు. రెండో ఇన్నింగ్స్‌లో పీటర్ మే, కోలిన్ కౌడ్రీ ఒక ఉపాయం పట్టారు. ఎటు తిరుగుతుందో తెలియని బంతికి ఎడమ కాలిని ఆఫ్ స్టంప్ బయటకు చాచి ప్యాడ్‌తో తోసేయడమే. తగిలిన చోటు బాట బయట. కాబట్టి ఎల్బీ లేదు. రామాధీన్ ఆ ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేశాడు. గంటల తరబడి అప్పీలు చేస్తూనే ఉన్నాడు. మే, కౌడ్రీ నాలుగో వికెట్‌కు 411 పరుగులు జోడించారు. మే 285 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు, కౌడ్రీ 154 చేశాడు. వాళ్లు నియమాన్ని ఎక్కడా అతిక్రమించలేదు. కానీ బ్యాటుతో ఆడాల్సిన ఆట ప్యాడ్‌తో నడిచింది.

ఈ సందును పూడ్చడానికే తర్వాతి దశాబ్దాల్లో ప్రయోగాలు చేసి, 1980 నియమావళిలో కొత్త షరతు చేర్చారు. బ్యాటుతో బంతిని ఆడే నిజమైన ప్రయత్నం చేయకపోతే, ఆఫ్ స్టంప్ బయట తగిలినా ఔటివ్వొచ్చు. లెగ్ స్టంప్ బయట పడిన బంతికి మాత్రం ఇదీ వర్తించదు.

నిజమైన ప్రయత్నం అంటే ఏమిటో మాత్రం యంత్రం చెప్పలేదు. బ్యాటును ప్యాడ్ వెనుక దాచి, కాలితో పాటు ముందుకు తెచ్చి, ఆడినట్టు కనిపించే బ్యాటర్లు ఇప్పటికీ ఉన్నారు. అది అంపైర్ కళ్లు మాత్రమే తేల్చగలిగిన సంగతి. అందుకే 2021 నుంచి ఒక చిన్న సదుపాయం ఇచ్చారు. ‘బ్యాటర్ నిజంగా ఆడాడని మీరు అనుకున్నారా?’ అని అంపైరును అడిగి తెలుసుకున్నాకే ఆటగాళ్లు రివ్యూకు వెళ్లొచ్చు.

నేలను తాకని బంతి

యార్కర్ నేరుగా బూటుకు తగిలితే పిచ్ అయిన చోటు లేదు, కాబట్టి మొదటి ప్రశ్నే లేదు. తర్వాత నేలను తాకి ఎటు తిరిగేదోనని ఊహించనూ కూడదు. తగలకముందు ఏ దారిలో వస్తోందో అదే దారిలో పోయేదని అంపైర్ అనుకోవాలి. స్పిన్నర్ ఫుల్‌టాస్‌కు ఎల్బీ అయిన బ్యాటర్ ‘అది బయటకు తిరిగేది’ అని వాపోవడంలో అర్థం లేదు. బంతి ఒక కాలికి తగిలి మరో కాలికి తగిలినా మొదట తగిలిన చోటునే చూస్తారు.

అంపైర్స్ కాల్ అంటే సగం బంతి

రివ్యూ పద్ధతిని 2008లో భారత్, శ్రీలంక టెస్టు సిరీస్‌లో తొలిసారి ప్రయత్నించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు రెండు దేశాల మధ్య సిరీస్‌లలో భారత బోర్డు దీనికి చాలావరకు దూరంగా ఉంది. 2016 చివర్లో ఇంగ్లండ్ సిరీస్‌తో ఒప్పుకుంది. రివ్యూ కోరడానికి ఆటగాళ్లకు 15 సెకన్లు ఉంటాయి. మూడో అంపైర్ మొదట నోబాల్ చూస్తాడు, బ్యాటు అంచు తగిలిందేమో చూస్తాడు, ఆ తర్వాతే బంతి దారిని చూపించే చిత్రం వస్తుంది.

ఇక్కడ ఒక విషయం మరవకూడదు. బంతి ప్యాడ్‌కు తగిలే వరకు కెమెరాలు చూసింది కొలత. ఆ తర్వాత వికెట్ల దాకా గీసిన గీత అంచనా. పిచ్ అయిన వెంటనే తగిలితే, తిరుగుడు ఎంతో తెలుసుకోవడానికి కెమెరాలకు దొరికే దూరం తక్కువ. బ్యాటర్ బాగా ముందుకొచ్చి ఆడితే, అంచనా వేయాల్సిన దూరం ఎక్కువ. 2011 ప్రపంచకప్‌లో బెంగళూరులో భారత్‌తో జరిగిన మ్యాచ్‌లో యువరాజ్ బౌలింగ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ బతికిపోయింది ఇలాగే. బంతి వికెట్లకు తగులుతున్నట్టు తెర మీద కనిపించింది. కానీ స్టంప్‌లకు రెండున్నర మీటర్ల కన్నా ముందు తగిలింది కాబట్టి అప్పటి నిబంధన ప్రకారం నాటౌట్ నిర్ణయం నిలిచింది. ఆ మ్యాచ్ టై అయింది.

అంచనాలో కొంత పొరపాటు ఉండవచ్చు కాబట్టే అంపైర్స్ కాల్ పెట్టారు. క్రికెట్ బంతి వ్యాసం దాదాపు 7 సెంటీమీటర్లు. అందులో సగానికి పైగా వికెట్ల హద్దులో ఉంటే యంత్రం మాట ఖాయం, అంపైర్ నాటౌట్ అన్నా ఔటవుతుంది. బంతి అసలు తగలకపోతే, అంపైర్ ఔటన్నా నాటౌట్. మధ్యలో ఉన్న ఆ మూడున్నర సెంటీమీటర్ల జాగాలోనే గొడవంతా. బంతి కొంచెం తగులుతుంది, కానీ సగం కన్నా తక్కువ. అప్పుడు మైదానంలో అంపైర్ ఏం చెప్పాడో అదే నిలుస్తుంది. ఇంపాక్ట్‌కూ ఇదే పద్ధతి. పిచ్ అయిన చోటుకు మాత్రం ఈ సందేహం లేదు, అది కెమెరాలు నేరుగా చూసింది కాబట్టి ఔను, కాదు రెండే జవాబులు.

ఒకే బంతికి ఇద్దరు బ్యాటర్లకు వేర్వేరు ఫలితం రావడం ఇలా సాధ్యమవుతుంది. లెగ్ స్టంప్‌ను అంచున తాకుతున్న బంతికి ఒక అంపైర్ వేలెత్తితే ఔట్, మరొకరు ఎత్తకపోతే నాటౌట్. తెర మీది బొమ్మ ఒక్కటే. 2017 నుంచి ఒక ఊరట ఏమిటంటే, అంపైర్స్ కాల్ వచ్చినప్పుడు నిర్ణయం మారకపోయినా ఆ జట్టు రివ్యూను కోల్పోదు.

రివ్యూను కోల్పోవడం ఎంత ఖరీదైనదో 2019 ఆగస్టు 25న లీడ్స్‌లో ఆస్ట్రేలియా చూసింది. ఇంగ్లండ్ లక్ష్యం 359. తొమ్మిది వికెట్లు పడ్డాయి. స్టోక్స్ ఒక చివర చెలరేగుతుంటే మరో చివర జాక్ లీచ్ వికెట్ కాపాడుకుంటున్నాడు. కమిన్స్ బంతి లీచ్ ప్యాడ్‌కు తగిలింది, అంపైర్ నాటౌట్ అన్నాడు, ఆస్ట్రేలియా ఆశతో మిగిలిన ఒక్క రివ్యూనూ వాడేసింది. బంతి లెగ్ స్టంప్ బయట పడింది. మొదటి ప్రశ్న దగ్గరే కథ ముగిసింది. కొద్దిసేపటికే, గెలుపుకు రెండు పరుగులు మిగిలి ఉండగా, నాథన్ లయన్ బంతిని స్టోక్స్ స్వీప్ చేయబోయి తప్పాడు. ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ జోయెల్ విల్సన్ నాటౌట్ అన్నాడు. తర్వాత వేసిన చిత్రంలో బంతి వికెట్లకు తగులుతోంది. అడగడానికి రివ్యూ లేదు. స్టోక్స్ 135తో నాటౌట్‌గా నిలిచాడు, ఇంగ్లండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. లీచ్ మీద రివ్యూ కోరినవాళ్లు పిచ్ అయిన చోటును ఒక్క క్షణం గుర్తుచేసుకుని ఉంటే ఆ మ్యాచ్ వేరేగా ముగిసేదేమో.

తీసేయాలా, ఉంచాలా?

రాజ్‌కోట్ టెస్టు తర్వాత స్టోక్స్ అంపైర్స్ కాల్‌ను తీసేయాలన్నాడు. అంతకు మూడేళ్ల ముందే, 2021లో, విరాట్ కోహ్లీ కూడా దాదాపు ఇదే మాట అన్నాడు. బంతి వికెట్లకు తగులుతుంటే, కొంచెం తగిలినా ఎక్కువ తగిలినా ఔటే అయి ఉండాలని, లేకపోతే గందరగోళం తప్పదని అతని వాదన. ప్రేక్షకుడి కోణంలో ఇది బలమైన మాట. బౌల్డ్ అయినప్పుడు బెయిల్‌ను ఎంత గట్టిగా తాకిందని ఎవరూ అడగరు కదా.

అటువైపు వాదనా తేలికైనది కాదు. అదే ఏడాది అనిల్ కుంబ్లే నేతృత్వంలోని ఐసీసీ క్రికెట్ కమిటీ పరిశీలించాక అంపైర్స్ కాల్‌ను ఉంచాలనే నిర్ణయం జరిగింది. గీసిన గీత అంచనా కాబట్టి, అంచున తగిలే బంతికి యంత్రం కూడా కచ్చితంగా చెప్పలేదు. అలాంటప్పుడు దగ్గరుండి చూసిన మనిషి మాటకే విలువ ఇవ్వడం సబబని వారి ఆలోచన. ఇంకో చిక్కూ ఉంది. కొంచెం తగిలినా ఔటే అంటే ఎల్బీలు బాగా పెరుగుతాయి, స్పిన్ తిరిగే పిచ్‌ల మీద టెస్టులు ముందే ముగిసిపోవచ్చు. తీసేయమనే వాళ్లు ఈ మాటకు జవాబు చెప్పాలి.

నా మటుకు, గొడవ నియమంలో కన్నా బొమ్మలో ఎక్కువగా ఉందనిపిస్తుంది. తెర మీద నిండుగా, నున్నగా కనిపించే ఆ బంతి కొలిచింది అన్నట్టు ఉంటుంది, ఊహించింది అన్నట్టు ఉండదు. రాజ్‌కోట్ విషయంలోనూ లెక్క సరైనదేననీ, చూపించిన బొమ్మే తప్పుగా వచ్చిందనీ ఇంగ్లండ్ బృందానికి చెప్పారని స్టోక్స్ వెల్లడించాడు. బంతి చుట్టూ మసకగా ఒక అంచు చూపించి ‘ఇంత వరకు అటూ ఇటూ కావచ్చు’ అని గీస్తే, సగం పేచీలు అక్కడే తీరేవి.

వేలెత్తిన క్షణంలోనే ఆగిపోయే ఆట

చివరగా, ఎక్కువమంది గమనించని ఒక మెలిక. అంపైర్ ఎల్బీ ఔటిచ్చిన మరుక్షణం ఆ బంతి చచ్చిపోయినట్టు. దాని మీద ఇక పరుగులు రావు. తర్వాత రివ్యూలో నాటౌట్ అని తేలినా ఆ పరుగులు తిరిగి రావు.

2024 జూన్ 10న న్యూయార్క్‌లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్. దక్షిణాఫ్రికా 113 పరుగులే చేసింది. ఛేదనలో బంగ్లాదేశ్ బ్యాటర్ మహ్మదుల్లా ప్యాడ్‌కు తగిలిన బంతి అలాగే బౌండరీ దాకా పోయింది. అంపైర్ ఔటిచ్చాడు. మహ్మదుల్లా రివ్యూ అడిగాడు, బంతి వికెట్లకు తగలడం లేదని తేలింది, అతను బతికాడు. అంపైర్ ముందే నాటౌట్ అని ఉంటే లెగ్ బైల రూపంలో నాలుగు పరుగులు వచ్చేవి. ఔటన్నాడు కాబట్టి రాలేదు. బంగ్లాదేశ్ 109 దగ్గర ఆగిపోయింది, ఓడింది నాలుగు పరుగుల తేడాతో.